ఎవరికీ కనిపించదు, ఇద్దరికి తప్ప

ఆ బస్సు డ్రైవరుకి ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో బండి మీద చిన్న గీత పడనివ్వలేదని డిపో అంతా చెప్పుకుంటుంది. అంత జాగ్రత్త మనిషి, ఒక్కగానొక్క కూతురి విషయంలో మాత్రం బండిని తిన్నగా తీసుకెళ్లి గోడకి గుద్దేశాడు. మూడు వారాలుగా తండ్రీకూతుళ్లకి మాటల్లేవు.

మాటలంటే వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ పెద్దగా ఉండేవి కావు, అది వేరే సంగతి. పాప వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తుంది. కబుర్లన్నీ తల్లితోనే. ఫోన్ తండ్రి చేతికి వస్తే ఆయన "ఆఁ, బాగున్నావా, సరే, అమ్మకిస్తున్నా" అంటాడు. అంతకుమించి ఆయన నోరు పెగలదు. కానీ ఆయనకంటూ ఒక పద్ధతి ఉండేది. అది ఇంట్లో ఎవరికీ తెలియదనే ఆయన నమ్మకం.

పొద్దున ఐదున్నరకి మొదటి ట్రిప్పు. ఇంజన్ స్టార్ట్ చేశాక బ్రేకులకి గాలి నిండాలి. డాష్‌బోర్డు మీద ముల్లు ఎర్ర గీత దాటేదాకా బండి కదపకూడదు. ఆ మూడు నాలుగు నిమిషాల్లో ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ తీసి, మెసేజీల యాప్‌లో పాప పేరు నొక్కేవాడు. పైన గుండ్రంలో పాప ఫోటో. దాని పక్కన చిన్న అక్షరాల్లో, చివరిసారి కనిపించింది ఇవాళ 5:14కి. ఒక్కోరోజు 5:20కి. అంతే. పిల్ల లేచింది, బాగానే ఉంది. ఫోన్ కట్టేసి డాష్‌బోర్డు పెట్టెలో పడేసి బ్రేకు వదిలేవాడు. మెసేజీ పెట్టేవాడు కాదు. ఏం రాయాలో తెలిస్తే కదా పెట్టడానికి.

ఇక గోడకి గుద్దిన సంగతి. పాప మూడేళ్లు కష్టపడి కొరియా భాష నేర్చుకుంది. అలాగైతేనే భాష వంటబడుతుందని ఫోన్ మొత్తాన్నీ కొరియా భాషలోకి మార్చేసుకుంది. సెలవులకి వచ్చినప్పుడు ఆ ఫోన్ ముట్టుకోవాలంటే తల్లికి భయం, ఏం నొక్కితే ఏమవుతుందోనని. కష్టం ఊరికే పోలేదు. కొరియా ఇంజనీర్లు వచ్చిపోయే ఒక కంపెనీలో వాళ్ల మాట వీళ్లకి, వీళ్ల మాట వాళ్లకి చెప్పే ఉద్యోగం వచ్చింది. అందులో చేరిన ఏడాదిన్నరకి, ఆ భాషలో పెద్ద పరీక్ష రాసి మొదటి తరగతి తెచ్చుకుంది. ఆ కబురు విన్న రోజు డ్రైవరు కాళ్లు నేల మీద నిలవలేదు. డ్రైవర్లు, కండక్టర్లు, గ్యారేజీ మేస్త్రీలు, టైర్ల షాపులవాళ్లు, ఎవరో వాళ్ల తమ్ముళ్లు, అందరూ కలిసి ఎనిమిది వందల మందికి పైగా ఉన్న గ్రూపులో పాప ఫోటో పెట్టి, కింద ఇలా రాశాడు: "మా అమ్మాయికి కొరియా భాషలో మొదటి తరగతి వచ్చింది. కొరియా వస్తువుల మీద రాసింది ఏదైనా అర్థం కాకపోతే మొహమాటపడకండి. నంబరు ఇదే."

రాయడం చేతకాని మనిషి అంత పెద్ద మెసేజీ రాయడం అదే మొదలు. ఆ రోజంతా అభినందనలు, చప్పట్ల బొమ్మలు. భోజనం చేస్తూ కూడా ఫోన్ పక్కనే పెట్టుకున్నాడు.

ఐదో రోజు పాప ఫోన్ చేసింది. ఈసారి తల్లికి కాదు, నేరుగా ఆయనకే.

"నాన్నా, నా నంబరు ఎక్కడ పెట్టావు?"

"గ్రూపులో. ఎందుకు, ఎవరైనా ఫోన్ చేశారా?"

"ఎవరైనానా? ఒకాయన బట్టల మిషను మీద బటన్లు ఏంటో చెప్పమంటాడు. ఇంకొకాయన కారు పుస్తకం మొత్తం తెలుగులో రాసివ్వమంటాడు. వాళ్లు నయం. మిగతావాళ్ల సంగతి నీకు చెప్పలేను. ముందు అది తీసెయ్ నాన్నా."

"అందరూ మనవాళ్లేనమ్మా. అంతమంది మెచ్చుకున్నాక ఇప్పుడు తీసేస్తే ఏమనుకుంటారు?"

పాప గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "వాళ్లేమనుకుంటారో ఆలోచించావు. నన్ను ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు."

ఫోన్ పెట్టేసింది. డ్రైవరుకి ముక్కు మీద కోపం. పెంచి పెద్ద చేసిన నాన్నకే పాఠాలు చెప్తోందని ఆ సాయంత్రమంతా రుసరుసలాడాడు. మెసేజీ తీయలేదు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా మరి. పెద్దమనిషి తప్పు ఒప్పుకోవడం మన ఇళ్లల్లో అంత తేలిగ్గా జరిగే పనా.

మర్నాడు పొద్దున బ్రేకులకి గాలి నిండుతుండగా పాప పేరు నొక్కాడు. ఫోటో లేదు. గుండ్రంలో నీలిరంగు మీద పాప పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంది. టైము లేదు. దాని చోట 'ఈమధ్యే కనిపించారు' అని ఉంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరు తెరిచినట్టుంది. ముల్లు ఎర్ర గీత ఎప్పుడో దాటింది. వెనకాల బండివాడు హారన్ కొడితే గాని ఆయనకి తెలివి రాలేదు.

ఇంటికొచ్చి భార్యని ఆరా తీశాడు, ఏమీ పట్టనట్టు. "పాప ఫోటో మార్చిందా ఏంటి?"

ఆవిడ తన ఫోన్ తీసి చూసింది. "లేదే. ఎప్పటిదే ఉంది. ఇదుగో, నాకు కనిపిస్తోందిగా."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. అందరికీ తీసేసి ఉంటే అదొక తీరు. తల్లికి ఉంచి తండ్రికి తీసేసిందంటే ఏమనుకోవాలి? పైకి మాత్రం, "నాకేం, చూడమని ఎవడు ఏడ్చాడు" అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

ఆయన బండి కండక్టరుని అందరూ రేడియో అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. తెలిసిందీ తెలియనిదీ ఒకే ధీమాతో చెప్పడం అతని ప్రత్యేకత. సంగతి వినగానే తేల్చేశాడు. "బ్లాక్ చేసిందన్నా. అంతే. నువ్వు కూడా తగ్గొద్దు. నీది కూడా కనపడకుండా చేసేద్దాం. అప్పుడు తెలుస్తుంది ఆ అమ్మాయికి." రేడియో ఆయన ఫోన్ తీసుకుని, నా చివరి టైము ఎవరికి కనిపించాలి అన్నచోట 'ఎవరికీ వద్దు' అని నొక్కేశాడు. డ్రైవరు వద్దనలేదు. ఆ నిమిషానికి కడుపు చల్లబడ్డట్టే ఉంది. రెండు రోజులు పోయాక పాప పేరు పక్కన ఆ నీలి గుండ్రాన్ని చూడలేక, ఆ చాట్‌ని కళ్లకి ఆనకుండా పక్కకి తోసేశాడు. ఇక దాని జోలికి పోనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. బ్రేకులకి గాలి నిండే ఆ నాలుగు నిమిషాలూ అప్పటినుంచి అద్దాలు తుడుస్తూ గడుపుతున్నాడు. ఆ బండి అద్దాలు అంత తళతళలాడటం డిపోలో ఎవరూ ఎరగరు.

ఇలా మూడు వారాలు గడిచాక, నిన్న సాయంత్రం భార్య ఫోన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీ కూతురు ఏదో పంపింది. నాన్నకి చూపించమంది."

చూస్తే ఫోన్ తెరకి తీసిన స్క్రీన్‌షాట్. అన్నీ గుండ్రాలూ అడ్డగీతలూ, కొరియా అక్షరాలు. ఒకదాని కింద ఒకటి వరసలు. కొన్నింటి చివర బ్రాకెట్లో ప్లస్ గుర్తు, రెండంకె. అంతకుమించి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఏంటిది?"

"నాకేం తెలుసు? దానికి ఫోన్ చేసి అడగండి."

"నువ్వడుగు."

"నేనడగను. మూడు వారాల నుంచి మీ ఇద్దరి మధ్యా ఉత్తరాలు మోసి నా తల ప్రాణం తోకకొచ్చింది. మొన్న దానికి చెప్పేశాను కూడా, మీ నాన్న పొద్దున్నే ఫోన్ చూడటం మానేశాడే, ముద్ద దిగట్లేదే అని. దానికి జవాబు ఇది. ఏముందో మీరే తెలుసుకోండి." అని బొమ్మని ఆయన ఫోన్‌కి పంపి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

తను పొద్దున్నే ఫోన్ చూసే సంగతి భార్యకి తెలుసన్నమాట. డ్రైవరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఈ పొద్దున డిపోలో రేడియోకి చూపించాడు. రేడియో తన ఫోన్‌లో ఫోటోలోని అక్షరాలని తెలుగులోకి మార్చే యాప్ తెరిచి, బొమ్మని దానికి అప్పగించాడు. అది తనకి తోచిన తెలుగు కక్కింది.

'చివరి ప్రవేశం: ఎవరూ లేరు (+2). ప్రొఫైల్ చిత్రం: ఎవరూ లేరు (+2). ఫోను సంఖ్య: ఎవరూ లేరు.'

"ఎవరూ లేరు అంటే?" అన్నాడు డ్రైవరు.

రేడియో గడ్డం గోక్కున్నాడు. "ఎవరూ లేరు, ప్లస్ రెండు. అంటే అన్నా, నాకు ఎవరూ లేరు, ఇద్దరే ఉన్నారు అంటోంది. ఒకరు వదిన. ఆవిడకి అన్నీ కనిపిస్తున్నాయి కాబట్టి ఆవిడ ఖాయం. రెండోది..." అని ఆగి, ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "రెండోది ఎవడో ఉన్నాడన్నా. అదే నీకు చెప్పాలనుకుని, నోటితో చెప్పలేక ఇలా పంపింది."

రేడియో గొంతు తగ్గించినా డిపోలో సగం మందికి వినిపిస్తుంది. డ్రైవరు బండెక్కాడు. ఆ ట్రిప్పులో ఎవరూ లేని స్టాపులో బండి ఆపాడు, జనం ఉన్న స్టాపు దాటిపోయి వెనకనుంచి తిట్లు తిన్నాడు. ఎవడో ఉన్నాడన్న మాట కాదు ఆయన్ని తినేస్తున్నది. పాప ఎవరినో మెచ్చుకుంటే ఆయన అడ్డుపడేవాడేం కాదు. నాకు ఇద్దరే ఉన్నారని పిల్ల కాగితం మీద రాసిచ్చినట్టు పంపింది. ఆ ఇద్దరిలో తను లేడు. తనని వదిలేసుకుందా లేదా, ఆ ఒక్కటీ తేలాలి. అది తేలకుండా రెండో ట్రిప్పు స్టీరింగ్ పట్టుకోవడం ఆయనవల్ల అయ్యేలా లేదు.

రెండో ట్రిప్పుకి ఇంకా గంటన్నర ఉంది. ఆయన రూటులో చివరి స్టాపు దగ్గర, కళ్లజోళ్ల షాపు మేడ మీద, పాపకి కొరియా భాష నేర్పిన టీచరమ్మ గది ఉంది. యూనిఫాం విప్పకుండానే మెట్లెక్కాడు.

టీచరమ్మ పిల్లల వ్యాసాలు దిద్దుతోంది. యాభై దాటిన మనిషి, చేతిలో ఎర్ర పెన్ను. ఆయన్ని చూసి గుర్తుపట్టి కుర్చీ చూపించింది. డ్రైవరు కూర్చోలేదు.

"మేడమ్, ఇందులో ఏముందో ఉన్నదున్నట్టు చదివి చెప్పండి. నా మొహం చూసి ఏదీ దాచొద్దు."

టీచరమ్మ ఫోన్ అందుకుని కళ్లజోడు సర్దుకుంది. చూసీ చూడగానే ఆవిడ పెదాల మీదకి చిన్న నవ్వు వచ్చింది. "కూర్చోండి. ఇది ఉత్తరమేమీ కాదు. మీ అమ్మాయి మెసేజీల యాప్‌లో సెట్టింగుల పేజీ. నా వివరాలు ఎవరు చూడొచ్చు అని ఉంటుంది కదా, అది."

"ఎవరూ లేరు అని ఉందటగా."

"లేరు కాదండీ. అది యాప్ చేసిన తర్జుమా. ఎవరికీ కనిపించొద్దు అని. ఇక్కడ ఎంచుకోవడానికి మూడే ఉంటాయి. అందరికీ కనిపించాలి. నా ఫోన్‌లో నేను సేవ్ చేసుకున్నవాళ్లకే కనిపించాలి. ఎవరికీ వద్దు. మీ అమ్మాయి మూడోది పెట్టుకుంది."

"సేవ్ చేసుకున్నవాళ్లకి చాలదా? మనవాళ్లే ఉంటారుగా అందులో."

"మనవాళ్లేనా? పార్శిళ్లు తెచ్చేవాడి నంబరు సేవ్ చేసుకోవాలి, ఇల్లుగలాయనది చేసుకోవాలి, కంపెనీలో వందమందివి చేసుకోవాలి. వాళ్లందరికీ తను ఎప్పుడు లేచిందీ ఎప్పుడు పడుకున్నదీ ఎందుకు తెలియాలి?"

"ఇంతకుముందు ఇలా లేదు కదండీ."

టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీరు దాచొద్దన్నారు కాబట్టి చెప్తున్నాను. మీతో మాట్లాడిన రాత్రే నాకు వీడియో కాల్ చేసి ఏడ్చింది. మీ గ్రూపులో నంబరు చూసి చాలామంది ఫోన్లు చేశారు. చాలామంది మంచివాళ్లే. ఒకడు మాత్రం వదల్లేదు. రోజూ మెసేజీలు. ఈ పిల్ల జవాబివ్వకపోతే, 'పొద్దున ఐదుంపావుకి ఆన్‌లైన్లో ఉన్నావుగా, నాకు మాత్రం జవాబివ్వవా' అని. 'నీ టైము రోజూ చూస్తున్నా' అని. వాణ్ని బ్లాక్ చేసింది. వేరే నంబరు నుంచి మొదలుపెట్టాడు. అప్పుడు ఇద్దరం ఫోన్‌లోనే చూసుకుంటూ ఇవన్నీ మూసేశాం."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. డ్రైవరు తన చేతుల వైపు చూసుకున్నాడు. రోజూ నీ టైము చూస్తున్నా. వాడెవడో ఐదుంపావుకి చూసిన ఆ టైమునే, తను బండిలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుని చూసి మురిసిపోయేవాడు. వాడి చేతికి ఆ కిటికీ ఇచ్చింది తనే. పైగా మనవాళ్లేనమ్మా అన్నాడు. తీసెయ్ నాన్నా అని పిల్ల బతిమాలితే, ఏమనుకుంటారో అన్నాడు. ఇన్నాళ్లూ తనని అవమానించిందని కుమిలిపోయిన మనిషికి, ఆ పిల్ల ఎంత భయపడి ఉంటుందో ఒక్కసారి కూడా తోచలేదు. ఆయనకి చాలా సిగ్గేసింది.

"నంబరు కూడా ఎవరికీ కనపడదు అనే కదా ఉంది. అంటే ఇక వాడి దగ్గర నంబరు పోయినట్టేనా?"

"పోదండీ. కొత్తవాళ్లకి కనపడదంతే. ముందే రాసుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది. మీ ఫోన్‌లో ఉంది కదా, అలాగే. గ్రూపులో చూసి రాసుకున్నవాళ్ల దగ్గర కూడా ఉంటుంది. ఈ పేజీ దాన్ని చెరపలేదు."

ఆయన తలూపాడు. తర్వాత, అసలు అడగడానికొచ్చిన మాట అడిగాడు. "ఆ ప్లస్ రెండు ఏంటి మేడమ్?"

"ఎవరికీ వద్దు అన్నాక కూడా, వీళ్లకి మాత్రం కనిపించాలి అని మనం విడిగా పేర్లు ఎంచుకోవచ్చు. ఎంతమందిని ఎంచుకుంటే అంత అంకె అక్కడ పడుతుంది. ఇద్దరిని ఎంచుకుంది. వాళ్లెవరో ఈ పేజీలో కనపడదు. ఆ వరస మీద నొక్కి లోపలికి వెళ్తే గాని తెలియదు. అది తన ఫోన్‌లోనే తెలుస్తుంది."

"ఒకరు వాళ్లమ్మ."

"అవును. మేము పెట్టిన రోజు ప్లస్ ఒకటే ఉంది. అది అమ్మకి. నాన్న సంగతేంటమ్మా అని నేనే అడిగాను. 'నాన్న తీసేదాకా ఇవ్వను మేడమ్' అంది."

తీయలేదు కదా మరి. మూడు వారాలైనా ఆ మెసేజీ అక్కడే ఉంది. కాబట్టి రెండో మనిషి తను అయ్యే దారే లేదు. డ్రైవరు లేచాడు. "సరే మేడమ్. తెలిసింది. వస్తాను."

"ఏం తెలిసింది? కూర్చోండి. దీనికి నన్నడగడం దేనికి, మీ చేతిలోనే ఉంది కదా. మీ అమ్మాయి పేరు తెరిచి చూడండి. ఫోటో కనిపిస్తే మీరే, కనిపించకపోతే మీరు కాదు."

ఇంత చిన్న సంగతి ఆయనకి ఎందుకు తట్టలేదంటే, ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి. ఒట్టు సంగతి టీచరమ్మకి చెప్పడానికి మొహం చెల్లక, పక్కకి తోసేసిన చాట్‌ని వెతికి బయటికి లాగాడు. నొక్కడానికి వేలు రాలేదు.

"మీరు నొక్కండి మేడమ్."

ఆవిడ నొక్కలేదు. ఫోన్‌ని ఆయన వైపే ఉంచింది. ఆయనే నొక్కాడు.

నీలి గుండ్రం లేదు. పాప ఉంది. కంపెనీ మెట్ల దగ్గర మెడలో గుర్తింపు కార్డుతో, ఎండకి కళ్లు చిట్లించి నవ్వుతోంది. ఫోటో కొత్తది. కొంచెం చిక్కింది.

డ్రైవరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచింది అద్దాలు, తడిసింది కళ్లు. టీచరమ్మ వ్యాసాలు సర్దుతున్నట్టు తల వంచుకుంది. తను తీయకపోయినా పాప ఇచ్చేసింది. ముద్ద దిగట్లేదని వాళ్లమ్మ చెప్పగానే పంతం వదిలేసింది. తను మాత్రం అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

కాసేపటికి మళ్లీ ఫోన్ చూసి, "ఫోటో వచ్చింది గాని, టైము రాలేదు మేడమ్. ఈమధ్యే కనిపించారు అనే ఉంది" అన్నాడు. "అది నాకు ఇవ్వలేదేమో. ఫర్లేదు. ఫోటో చాలు."

టీచరమ్మ తొంగి చూసింది. "అక్కడ కూడా ప్లస్ రెండే ఉందే. మీ టైము మీరు దాచుకున్నారా?"

డ్రైవరు కిటికీ వైపు చూశాడు. "మా కండక్టరు... ఏదో నొక్కాడు."

"కండక్టరు నొక్కాడా, మీరు నొక్కించారా?"

ఆయన కళ్లజోడు మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"మిగతావాళ్లవి చూడండి. ఎవరికైనా టైము కనిపిస్తోందా?"

చూశాడు. రేడియోది, డిపో మేనేజరుది, బావమరిదిది. ఎవరిదీ లేదు. అందరూ ఈమధ్యే కనిపించినవాళ్లే. మూడు వారాలుగా లోకం మొత్తం అలాగే ఉన్నా, పాపది తప్ప ఇంకెవరిదీ చూడాలని ఆయనకి అనిపించనే లేదు.

"ఇది ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం" అంది టీచరమ్మ. "మీ టైము మీరు ఎవరికి చూపించరో, వాళ్లది మీకు చూపించదు. ఆ అమ్మాయి తలుపు తీసింది. మీరు వేసుకుని కూర్చున్నారు. మీ అమ్మాయి బ్లాక్ చేసిందని కూడా అనే ఉంటారు ఆ కండక్టరుగారు. బ్లాక్ చేస్తే మామూలుగా 'చాలా కాలం కిందట కనిపించారు' అని వస్తుంది. ఈమధ్యే అని రాదు."

"వాడి మొహం" అన్నాడు డ్రైవరు.

"మీరు కూడా అందరికీ తెరవక్కర్లేదు. మీ అమ్మాయి పేరు ఒక్కటే ఎంచుకోండి. మీకూ ప్లస్ ఒకటి పడుతుంది. ఇలా ఇవ్వండి, చూపిస్తాను."

ఆయన ఫోన్ ఇవ్వబోయి ఆగాడు. "ఉండండి మేడమ్. దానికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది."

గ్రూపు తెరిచాడు. మూడు వారాల కిందటి మెసేజీ వెతుక్కుంటూ పైకి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. దాన్ని వేలితో అదిమి పట్టుకున్నాడు. అందరికీ తీసేయాలా అని అడిగింది. అవునన్నాడు. పాప ఫోటో, మొదటి తరగతి, నంబరు, చప్పున మాయమయ్యాయి. కానీ రాసుకున్నవాళ్ల దగ్గర ఉండేది ఉంటుంది. అది ఇప్పుడు ఆయనకి తెలుసు. అందుకని కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, జీవితంలో రెండో పెద్ద మెసేజీ రాశాడు.

"మా అమ్మాయి నంబరు తనని అడగకుండా ఇక్కడ పెట్టాను. తప్పు నాది. ఎవరైనా రాసుకుని ఉంటే దయచేసి చెరిపేయండి. మెసేజీలు పెట్టి వేధిస్తున్నవాడు ఎవరో ఈ గ్రూపులోనే ఉన్నాడు. వాడు కూడా ఇది చదువుతున్నాడు. ఇంకొక్కసారి అలా చేస్తే నేను నోటితో మాట్లాడను, పోలీసులతోనే మాట్లాడతాను."

ఎనిమిది వందల మంది ముందు తప్పు నాది అని రాసి పంపడానికి ఆయనకి ఎంత కష్టమయిందో టీచరమ్మ చూసింది. చెమట పట్టిన నుదురు తుడుచుకుంటూ, "ఇప్పుడు చూపించండి" అన్నాడు.

ఆవిడ చూపించింది. పాప పేరు ఎంచుకున్నాడు. వెనక్కి వస్తే ఆ వరస చివర ప్లస్ ఒకటి పడింది. పాప పేరు తెరవబోయి మళ్లీ ఆగిపోయాడు. ఇప్పుడు చూస్తే టైము ఉంటుంది. ఆ టైముని ఆయన ఏడాదిపైగా చూశాడు. ఎవరినీ అడిగి చూడలేదు. వాడెవడో కూడా అడిగి చూడలేదు.

టైము ఉండే చోటుని బొటనవేలితో మూసి, మరో చేత్తో టైపు చేశాడు. టీచరమ్మకి నవ్వొచ్చింది గాని ఆపుకుంది.

"పాపా, గ్రూపులో తీసేశాను. తప్పు నాదని రాశాను. రోజూ పొద్దున నీ టైము చూసేవాణ్ని, బాగున్నావో లేదో తెలుస్తుందని. నీకు చెప్పలేదు. ఇకమీద చూడొచ్చా? వద్దంటే చూడను."

పంపాడు. వెళ్లినట్టు ఒక టిక్కు పడింది. చదివినట్టు రెండోది పడింది. కింద వీధిలో ఎవరో షాపు షట్టరు లాగారు. డ్రైవరు వేలు తీయలేదు. వేలి కిందనుంచి ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదులుతూ కనిపించాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

జవాబు వచ్చింది.

"నాకు తెలుసు నాన్నా, అమ్మ ఎప్పుడో చెప్పింది. నాకు ఆఫీసు తొమ్మిదింటికి. ఐదింటికి లేవాల్సిన పని ఏం లేదు. నువ్వు బండి తీసే ముందు చూస్తావని అలారం పెట్టుకుని లేచి, ఫోన్ ఒకసారి తెరిచి మళ్లీ పడుకునేదాన్ని. ఈ మూడు వారాలూ తెరుస్తూనే ఉన్నాను. చూడు."

ఆయన వేలు తీశాడు. పాప పేరు పక్కన 'ఆన్‌లైన్' అని ఉంది.